గంగమ్మ జాతరకు చుట్టాలు దిగేలోపు వంటింట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపు పడిందంటే తిరుపతిలో ఇళ్లు చుట్టాలతో నిండిపోతాయి. జాతర మంగళవారం పొద్దున అమ్మవారికి పొంగలి, అంబలి పెడతారు. ఆ తర్వాత చాలా ఇళ్లలో మాంసం పొయ్యెక్కుతుంది. అదే ఇంట్లో అసలు మాంసం ముట్టనివారు, మంగళవారం మాత్రమే మానేసేవారు, మర్నాడు కొండకు వెళ్లాలని ఆ పూట వద్దనుకునేవారు కూడా ఉంటారు. వంటిల్లు మాత్రం ఒక్కటే.

వారం ముందే ఫోను చేసి కనుక్కోండి. ‘తింటారా, తినరా’ అని అడిగితే సరిపోదు. ఆ రోజు తింటారా, గుడ్డు పనికొస్తుందా, మాంసం వండిన పాత్రను కడిగి వాడితే అభ్యంతరం ఉందా అని మూడూ అడగాలి. గొడవలు ఎక్కువగా మూడో ప్రశ్న అడగకపోవడం వల్లే వస్తాయి.

పద్నాలుగు మంది భోజనానికి కూర్చుంటున్నారనుకుందాం. తొమ్మిది మంది తింటారు, ఐదుగురు తినరు. ఆ ఐదుగురిలో పెద్దత్తయ్యకు పాత్రలు కూడా వేరుగా ఉండాలి. అలాంటప్పుడు మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, వడలు, అన్నం, సంగటి అన్నీ ముందే వండేయాలి. మసాలా ఒకేసారి నూరుకుని, వంకాయకు కావలసింది మొదటే వేరే గిన్నెలోకి తీసిపెట్టాలి. వడలు వేగాక మిగిలిన నూనెలో కోడి వేపుడు చేసుకోవచ్చు గానీ, కోడి వేగిన నూనెలో వడలు వేయకూడదు. వండినవాటికి మూతలు పెట్టి, గరిటెలతో సహా హాల్లోకి చేర్చాకే మాంసం వంటింట్లోకి రావాలి.

ఇంత చేసినా గరిటె దగ్గర పొరపాటు జరుగుతుంది. మాంసం కలుపుతున్న చెయ్యి, పక్క పొయ్యి మీద మళ్లీ వేడికి పెట్టిన పప్పు పొంగగానే అదే గరిటెతో దాన్నీ కలిపేస్తుంది. వండేవారికి ఆ ధ్యాసే ఉండదు. మాంసం గరిటెల పిడికి ఎర్రదారం కట్టండి, కంటికి ఆనుతుంది. కుక్కరు గిన్నె తోమితే శుభ్రపడుతుంది గానీ మూతలోని రబ్బరుకు పట్టిన వాసన తొందరగా పోదు. అందుకే పప్పుకు వేరే రబ్బరు వాడండి, లేదంటే గిన్నెలో ఉడికించండి. అంట్లు తోమే పీచు కూడా రెండు ఉండాలి. మాంసం గిన్నె తోమిన పీచుతో పప్పు గిన్నె తోమితే కొవ్వు జిడ్డు దానికీ అంటుతుంది.

మే నెల ఎండను తక్కువగా చూడకండి. మాంసం తెచ్చిన వెంటనే వండాలి. ఆలస్యమయ్యేలా ఉంటే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో ఉంచాలి. పై అరలో పెడితే నెత్తుటి నీళ్లు కింద ఉన్న పెరుగు మీద కారతాయి. సింకులో కొళాయి కింద కడిగితే తుంపరలు పక్కనున్న కూరగాయల మీద పడతాయి. మిగిలిన కూరను ఆ వేడిలో గంటకు మించి బయట ఉంచకుండా చిన్న గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. వాసన బాగానే ఉందని నమ్మకండి, చెడిన కూర అన్నిసార్లూ వాసన రాదు.

ఇక వడ్డన. తొమ్మిది మందికి మూడు రకాల మాంసం వండి, ఐదుగురికి పప్పూ మజ్జిగతో సరిపెట్టడం ఇంటికి పిలిచి అవమానించడమే. మాంసం కూరకు ఎంత శ్రమ పడ్డారో అంతే శ్రమతో వాళ్లకూ ఒక ప్రత్యేకమైన కూర ఉండాలి. రెండు కిలోల మటన్ తెస్తే, వడ్డన మొదలుకాకముందే వంట చేసిన ఆడవాళ్ల వాటా ముక్కలతో సహా తీసి పక్కన పెట్టండి. చివరికి కూర్చున్నవాళ్లకు పులుసూ ఎముకలే మిగలడం చాలా ఇళ్లలో చూస్తున్నదే. తినని కోడలి చేత మాంసం కడిగించవద్దు, ఆ గిన్నెలు తోమించవద్దు. ఆ పని తిన్నవారిదే, మటన్ ఖర్చు కూడా వారే పంచుకోవాలి.

బంతి ఒక్కటే ఉండాలి. ఎవరైనా దూరంగా కూర్చుంటామంటే అది వారి ఇష్టం, మనం మాత్రం ఎవరినీ విడగొట్టకూడదు. వడ్డించేవారు మాత్రం ఇద్దరు కావాలి. ‘ఒక్క ముక్క తింటే ఏమవుతుంది’ అని బలవంతపెట్టడం, ఎదుటివారి విస్తరి చూసి ముక్కు మూసుకోవడం, రెండూ వద్దని ఇంటి పెద్ద ముందే చెప్పాలి. పిల్లల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి.

బుధవారం కొండకు బయలుదేరేవారి సంచి ఒకసారి చూడండి. తిరుమలకు మాంసం తీసుకువెళ్లనివ్వరు, అలిపిరిలో తనిఖీ ఉంటుంది. దారికని పులిహోర కడితే, ముందురోజు కూర పెట్టిన డబ్బాలో మాత్రం కట్టకండి.