కిక్‌ఆఫ్ కాల్ మెయిల్‌లో ఏం అడగాలంటే

ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు చేసేవాళ్లకు ఒక చిట్కా. కొత్త క్లయింటుకు కిక్‌ఆఫ్ కాల్ మెయిల్ పెట్టేటప్పుడు "లోగో, కంటెంట్ పంపండి" అని వదిలేయకండి. అలా రాస్తే వాట్సాప్‌లో చేతులు మారిన జేపీజీ వస్తుంది. కాస్త పెద్దది చేయగానే అంచులు మసకబారిపోతాయి. ఇలా రాసి చూడండి:

"బుధవారం ఉదయం 11కి గానీ, గురువారం సాయంత్రం 4కి గానీ ఒక అరగంట మాట్లాడదామండీ. ఈలోగా, సోమవారం సాయంత్రానికి నాకు మూడు కావాలి: లోగో ఎస్‌వీజీ ఫైల్ (లోగో చేసినవాళ్లను అడగండి, ఉంటుంది), హోమ్ పేజీలో రావాల్సిన మాటలు, మీ డొమైన్ ఎవరి ఖాతాలో ఉందో ఆ వివరం."

మూడోదే అసలు మెలిక. డొమైన్ ఒక్కోసారి పాత డెవలపర్ ఖాతాలోనే ఉండిపోతుంది. ఆ సంగతి సైట్ లైవ్ చేసే రోజున బయటపడితే పని అక్కడే ఆగుతుంది. పాస్‌వర్డ్ మాత్రం మెయిల్‌లో అడగొద్దు. రిజిస్ట్రార్ దగ్గర డెలిగేట్ యాక్సెస్ ఉంటే అది ఇమ్మనండి, లేదంటే కాల్‌లో స్క్రీన్ షేర్ చేయించుకుంటే సరి.

సోమవారానికి ఏమీ రాకపోతే మొహమాటపడకుండా మంగళవారమే ఫోన్ చేసి కాల్ వాయిదా వేయండి. లేకపోతే ఆ అరగంటా "పంపిస్తానండీ" దగ్గరే అయిపోతుంది.