రాత్రి చదువు: నాలుగు విడతలు అనుకుంటే రెండే ఎందుకు అవుతున్నాయి?

సమస్య: కాగితం మీద నాలుగు విడతలు, పూర్తయ్యేవి రెండు

మా అమ్మాయి పదో తరగతి. అన్నం తిని 8.20కి లేస్తుంది, 10.15కి పడుకుంటుంది. మధ్యలో 115 నిమిషాలు. 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం కలిపి అరగంటకో విడత కాబట్టి దాదాపు నాలుగు వస్తాయని తనే లెక్క వేసి, పట్టిక రాసి గోడకు అంటించింది. వారమంతా మూడో విడత మొదలయ్యేసరికే పది కావస్తోంది. తనది బద్ధకమని బాధపడింది కానీ, తప్పు ఆ భాగాహారంలోనే ఉంది.

కారణం: రెండు చివర్లూ లెక్కలోకి రాలేదు. కంచం కడిగి, నీళ్ల సీసా నింపుకుని, పుస్తకాలు తీసి కూర్చునేదాకా గడియారం పెట్టి చూస్తే మూడు రోజులూ అటూఇటుగా 20 నిమిషాలు పట్టింది. పడుకునే ముందు మర్నాటి సంచి సర్దుకోవడం, పళ్లు తోముకోవడం మరో 20. చదువుకు మిగిలింది 8.40 నుంచి 9.55 వరకు, అంటే 75 నిమిషాలు.

పరిష్కారం: చివరి విడత తర్వాత విరామం అక్కర్లేదు. అందుకని ఉన్న సమయానికి ఒక విరామం కలిపి, దాన్ని 30తో భాగించాలి. 75కి 5 కలిపితే 80. అందులో 30 రెండుసార్లు పోతుంది, 20 మిగులుతుంది. ఆ 20లో ఐదు విరామానికి తీసేస్తే 15 నిమిషాల చిన్న విడత ఒకటి దొరుకుతుంది. ఇప్పుడు పట్టిక ఇలా ఉంది: 8.40–9.05, 9.10–9.35, 9.40–9.55. చివరి పావుగంటలో కొత్త పాఠం ముట్టుకోదు. పుస్తకం మూసి, మొదటి రెండు విడతల్లో చదివింది గుర్తున్నంత వరకు తెల్ల కాగితం మీద రాస్తుంది.

పడుకోవడం ఓ అరగంట ఆలస్యం చేస్తే సరిపోదా అని మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు చెబుతారు. తను 6.15కి లేస్తుంది. అంటే 10.15కి పడుకుంటేనే ఆ కనీసం దక్కుతుంది. కాబట్టి లెక్క ఎప్పుడూ లేచే వేళ నుంచి వెనక్కి రావాలి.

సమస్య: ఐదు నిమిషాల విరామం ఇరవై అవుతోంది

విరామానికి లేచిన వేళ, తిరిగి కూర్చున్న వేళ నోటుపుస్తకం అంచున రాయించండి. రెండు రాత్రుల్లో దొంగ దొరుకుతాడు. మా ఇంట్లో దొంగ ఫోనే. అలారం అందులోనే పెట్టుకోవడంతో, దాన్ని ఆపడానికి తీసిన చెయ్యి సందేశాల మీదికి పోయేది. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే ఈ పొమొడోరో పద్ధతిని 1980ల చివర్లో మొదలుపెట్టిన ఇటలీవాసి ఫ్రాన్సెస్కో సిరిల్లో టమాటా ఆకారపు వంటింటి టైమరు వాడారు. పొమొడోరో అన్న పేరు ఇటాలియన్‌లో టమాటాకు ఉన్న పేరే. మేమూ ఒక వంటింటి టైమరు కొని, ఫోను ముందు గదిలో ఉంచాం. ఇంకో చిన్న చిట్కా: లేచే ముందు తర్వాతి ప్రశ్న నంబరు కాగితం మీద రాసి పెట్టాలి. తిరిగి వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలా అని పేజీలు తిప్పే పని తప్పుతుంది.

సమస్య: లెక్క సగంలో ఉండగా టైమరు మోగుతోంది

ఇది లెక్కలకే వస్తుంది. త్రికోణమితిలో ఒక పెద్ద లెక్కకు పటం గీసి, సూత్రం పట్టుకునేసరికే పది నిమిషాలు పోతాయి. 25 నిమిషాలు అనేది శాసనమేమీ కాదు. లెక్కల రోజున 35, 5, 35గా విభజించాం. మొత్తం అదే 75.

సమస్య: మొదటి విడతలోనే కునుకు

సాంఘిక శాస్త్రం చదువుతుంటే కళ్లు మూతపడి, లెక్కలు చేస్తుంటే పడకపోతే కారణం పని వరసే. రాసే పని ముందు, చదివే పని తర్వాత పెడితే చాలు. లెక్కలు చేస్తూ కూడా తూలుతుంటే అది నిద్ర బాకీ అయ్యుండొచ్చు. ఆ రాత్రి ఒక విడతతో ఆపించి పడుకోబెట్టండి.

చుట్టాలొచ్చి భోజనం తొమ్మిదికి ముగిసిన రోజున 9.20 నుంచి 9.55 వరకే దొరుకుతుంది. అప్పుడు 35 నిమిషాల లెక్కల విడత ఒక్కటే చేయిస్తాం. మిగతావి మర్నాటి పట్టికలో ఇరికించం, ఆదివారం పగటికి వాయిదా వేస్తాం.