సభలో అతిథి పరిచయం – 4వ పాఠం: చదివే ముందు సరిచూసుకోవడం

పోయిన పాఠంలో రెండు పేజీల బయోడేటాని ఒకటిన్నర నిమిషంలో చదవగలిగే పరిచయంగా కుదించాం. ఆ కాగితం ఇంకా మైకు ముందుకు వెళ్లడానికి పనికిరాదు. అందులో ఉన్నవి నిజమేనా, పేర్లు సరిగ్గా ఉన్నాయా, నలుగురిలో చెప్పడానికి సదరు వ్యక్తి ఒప్పుకున్నారా అన్న మూడూ ఈ పాఠంలో తేల్చుకుందాం.

దీనికోసం ఒక మాస్టారిని అల్లాను. కందుకూరులో పూర్వ విద్యార్థుల సమ్మేళనం. లెక్కల మాస్టారికి సన్మానం. నిర్వాహకుల్లో ఒకరు వాట్సాప్‌లో మీకు ఇలా పంపారనుకోండి:

"ప్రకాశం జిల్లా గూడూరులో 1954లో జన్మించిన మన మాస్టారు నెల్లూరు వి.ఆర్. కళాశాలలో చదివి, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం నుంచి బి.ఎస్సీ. పట్టా పొందారు. 38 ఏళ్లు ఉపాధ్యాయ వృత్తిలో ఉండి 2012లో పదవీ విరమణ చేశారు. జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు అందుకున్నారు. భార్య ఇచ్చిన కిడ్నీతో ప్రాణాపాయం నుంచి బయటపడ్డారు. వారి అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు."

చదవడానికి బాగానే ఉంది. ఎవరికీ ఫోన్ చేయకముందే ఇందులో మూడు చోట్ల అనుమానం రావాలి.

మొదటిది ఊరు. గూడూరు ఎప్పుడూ ప్రకాశం జిల్లాలో లేదు. నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కందుకూరు పక్కన ఉన్నది గుడ్లూరు. ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపితే, ఇంకెవరో దాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఒక అక్షరం జారిపోయి ఉంటుంది. అలా జారి తయారైన మాట కూడా నిజమైన ఊరి పేరే కావడంతో చదివేవారికి తప్పు కనిపించదు. సభలో కూర్చున్న గుడ్లూరు వాళ్లకు మాత్రం వెంటనే వినిపిస్తుంది.

ఊరు సరిచేశాక జిల్లా సంగతి చూడాలి. మన ప్రాంతంలో ఇదే అసలు చిక్కు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న. టంగుటూరి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. అంతకుముందు కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. కాబట్టి 1954లో గుడ్లూరులో పుట్టిన మనిషి పుట్టింది నెల్లూరు జిల్లాలో. ఉద్యోగం చేసినంత కాలం అదే ఊరు ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రాంతం మళ్లీ నెల్లూరులో కలిసింది. హద్దుల మార్పు మాట ఆ తర్వాత కూడా వినిపిస్తూనే ఉంది కనుక, "ఇప్పటి ఫలానా జిల్లా" అని చదవదలచుకుంటే సభ జరిగే వారంలో ఇంకోసారి చూసుకోవాలి. నన్నడిగితే జిల్లా తీసేయమంటాను. "కందుకూరు దగ్గర గుడ్లూరులో పుట్టారు" అంటే ఏ కాలానికైనా సరిపోతుంది, వినేవాళ్లకూ ఊరు కళ్ల ముందు కనిపిస్తుంది. అన్నట్టు, "జిల్లాలోనే మొట్టమొదటి" అనే పొగడ్త కనిపిస్తే ఇదే ప్రశ్న వేయండి. ఏ జిల్లా, ఏ సంవత్సరం నాటి హద్దులు? ఎవరూ చెప్పలేకపోతే ఆ ముక్క కొట్టేయడమే.

రెండో అనుమానం విశ్వవిద్యాలయం. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. 1954లో పుట్టినాయన డిగ్రీ ముగించేది 1974 ప్రాంతంలో. అప్పటికి అది లేనే లేదు. ఆ రోజుల్లో నెల్లూరు కాలేజీలకు పట్టాలిచ్చింది 1954లో తిరుపతిలో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. రాసినాయన అబద్ధం చెప్పాలనుకోలేదు, ఇప్పుడున్న పేరును అప్పటికి అతికించాడంతే. సంస్థ పేరు పక్కన సంవత్సరం ఉంటే, ఆ సంవత్సరానికి ఆ సంస్థ ఉందా, అదే పేరుతో ఉందా అని చూడటం అలవాటు చేసుకోండి. 1950లో నెల్లూరులో పుట్టినవారిని "ఆంధ్రప్రదేశ్‌లో జన్మించారు" అనడం కూడా ఇలాంటిదే. అప్పుడు అది మద్రాసు రాష్ట్రం.

మూడోది లెక్క. లెక్కల మాస్టారి పరిచయంలో లెక్క తప్పితే సభ నవ్వుతుంది. 1954లో పుట్టి 2012లో రిటైరయ్యారంటే 58 ఏళ్లు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 58 కనుక ఇది కుదిరింది. అది 60 అయింది 2014లో, 62 అయింది 2022లో. అయితే 38 ఏళ్ల సర్వీసు ఉండాలంటే 1974లో, ఇరవయ్యో ఏట చేరి ఉండాలి. డిగ్రీ, ఆపైన బి.ఇడి. పూర్తయ్యేసరికే 21, 22 వస్తాయి. సెకండరీ గ్రేడ్ టీచరుగా ముందే చేరి, తర్వాత చదువుకుని ఉండవచ్చు. లేదా ఎవరో ఉజ్జాయింపుగా వేసిన అంకె కావచ్చు. ఇది మనం ఊహించి దిద్దాల్సింది కాదు, అడగాలి. పుట్టిన సంవత్సరం గురించీ అడగండి. ఆ తరంలో బడిలో వేసిన పుట్టినతేదీ ఒకటి, ఇంట్లో తెలిసినది ఇంకొకటి ఉండటం మామూలే. ఏది చదవమంటారో ఆయనే చెప్పాలి.

ఇదంతా చేశాక చాలామంది పాత సన్మాన సంచిక తిరగేసి, "అందులోనూ ఇలాగే ఉందండీ" అంటారు. వాట్సాప్‌లో వచ్చింది ఆ సంచికలోంచి ఎత్తి రాసినదే అయితే రెండు చోట్ల ఉన్నా ఒక్క ఆధారమే. అందుకే పట్టాలు, అవార్డుల విషయంలో కాగితం ఫొటో అడగండి. "సార్, సరిగ్గా చదవాలని అడుగుతున్నా, ఆ ప్రశంసాపత్రం ఒకసారి ఫొటో తీసి పంపిస్తారా?" అంటే ఎవరూ నొచ్చుకోరు.

మన ఉదాహరణలో ఆ ఫొటో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం సెప్టెంబరు 5న ఢిల్లీలో ఇచ్చే జాతీయ ఉపాధ్యాయ పురస్కారం కాదది. ఒక ప్రైవేటు సాంస్కృతిక సంస్థ "జాతీయ స్థాయి" అని పేరు పెట్టి ఇచ్చిన మెమెంటో. ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. మాస్టారిని తక్కువ చేయాల్సిన పని లేదు, తీసేయాల్సిన పనీ లేదు. ఇచ్చిన సంస్థ పేరు, సంవత్సరం చెప్పి "ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం ఇచ్చి సత్కరించింది" అని చదవండి. పద్మ పురస్కారం పొందినవారు అతిథిగా వస్తే ఇంకో జాగ్రత్త ఉంది. పద్మశ్రీని పేరుకు ముందు బిరుదులా తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. "ఫలానా సంవత్సరంలో పద్మశ్రీ అందుకున్నారు" అని వాక్యంలో చెప్పాలి. మన సభల్లో ఎవరూ పట్టించుకోరు కానీ, మీరు పట్టించుకోండి.

ఇక పేరు. మాలకొండ నరసింహస్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఈ చుట్టుపక్కల ఎంతమందో. ఒకరు మాల్యాద్రి, ఒకరు మాలకొండయ్య. దేవుడు ఒకరే కదా అని ఒకరి పేరు ఇంకొకరికి పెట్టి చదివేసేవాళ్లున్నారు. ఇంటిపేర్లతో ఇంకా కష్టం. ఇంగ్లీషులో రాసిన ఇంటిపేరు చూసి ల ఏదో ళ ఏదో, ద ఏదో డ ఏదో, దీర్ఘం ఎక్కడో చెప్పలేం. పేరును తెలుగులో రాసి పంపమనండి. దాంతోపాటు ఒక వాయిస్ మెసేజ్‌లో పూర్తి పేరు వాళ్ల నోటితోనే పలకమనండి. పొడి అక్షరాలు అలాగే చదవాలా, ఇంటిపేరు విప్పి చెప్పాలా అన్నదీ అప్పుడే తేలిపోతుంది. అలా ఖాయమైన పేరును ఫ్లెక్సీ వేయించేవాళ్లకు, మెమెంటో చెక్కించేవాళ్లకు కూడా పంపండి. మీరు ఒకటి చదువుతుంటే వెనక ఫ్లెక్సీలో ఇంకోటి ఉండకూడదు.

చివరి రెండు వాక్యాలు కిడ్నీ, అమెరికా అబ్బాయి. ఇవి నిజమే అయినా చదవడానికి మనకు హక్కు వచ్చినట్టు కాదు. "మీ గురించి చెబుతున్నాం సార్, అభ్యంతరం లేదుగా?" అని అడిగితే, "మీ ఇష్టం నాయనా" అంటారు. ఏం చెబుతారో తెలియక మర్యాదకు అన్న మాటది, దాన్ని ఒప్పుదల అనుకోవద్దు. చదవబోయే వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఫోన్‌లో చదివి వినిపించి, ఉంచనా తీసేయనా అని అడగాలి. సభ యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంటే ఆ సంగతీ చెప్పాలి. హాల్లో రెండొందల మంది ముందు పర్వాలేదన్నవాళ్లు, ఎక్కడివాళ్లైనా ఎప్పుడైనా చూడొచ్చంటే మనసు మార్చుకోవచ్చు.

మాస్టారు కిడ్నీ మాట చెప్పమనే అన్నారనుకోండి. అయినా అది ఆయన ఒక్కరి సంగతి కాదు, ఇచ్చింది ఆమె. ఆమెను విడిగా అడగండి. ఫోన్ ఆయన చేతిలో ఉండగా, ఆయన పక్కనే కూర్చుని ఉండగా కాదు.

"అమ్మా, సార్ పరిచయంలో మీరు కిడ్నీ ఇచ్చిన సంగతి ఒక వాక్యం ఉంది. చదవమంటారా?"

"వద్దు నాయనా. మా పుట్టింటోళ్లకే ఇంతవరకు చెప్పలేదు. మైకులో ఎందుకు?"

అంతే, వాక్యం పోయింది. కారణం ఆమె చెప్పారు కాబట్టి విన్నాం. చెప్పకపోతే అడగకూడదు. "కొంతకాలం ఆరోగ్యం బాగాలేకపోయినా కోలుకున్నారు" అని మెత్తగా మార్చి పెట్టడం కూడా కుదరదు. తీసేయమన్న సంగతి వేరే మాటల్లో మళ్లీ లోపలికి వచ్చినట్టే అది.

అబ్బాయి విషయంలో కొడుకును అడగాలి. ఉద్యోగం మారి ఉండవచ్చు, తిరిగి వచ్చేసి ఉండవచ్చు. పెద్దవాళ్లిద్దరే ఇంట్లో ఉంటారన్న సంగతి లైవ్‌లో చెప్పడం కూడా నాకు నచ్చదు. పరిచయానికి దానివల్ల ఒరిగేదీ లేదు. ఇలాంటిచోట అడిగే శ్రమ కూడా పెట్టుకోకుండా తీసేస్తాను. కులం, ఆస్తి, ఇచ్చిన చందా మొత్తం, ఫోన్ నంబరు కూడా నా కాగితంలో ఉండవు.

అన్నీ అడిగాక మిగిలిన పరిచయం ఇది:

"కందుకూరు దగ్గర గుడ్లూరులో పుట్టిన మన మాస్టారు నెల్లూరు వి.ఆర్. కళాశాలలో బి.ఎస్సీ. చదివారు. 1977లో ఉపాధ్యాయుడిగా చేరి, 35 ఏళ్లు లెక్కలు చెప్పి, 2012లో పదవీ విరమణ చేశారు."

38 ఏళ్లు ఎక్కడివని అడిగితే, మూడేళ్లు ట్యూషన్లు చెప్పిన కాలం కూడా కలిపారని తేలింది. పురస్కారం వాక్యం సంస్థ పేరుతో దీని వెంట వస్తుంది. ఈ కాగితం కింద తేదీ వేసి, "ఇదే చదువుతాను" అని మాస్టారికీ నిర్వాహకులకూ పంపండి. ఆ తర్వాత ఎవరు ఏ మార్పు చెప్పినా ఈ కాగితం మీదే చేయాలి, పాతది చించేయాలి.

ఇంత చేసినా వేదిక మీద ఒక చీటీ వస్తుంది. "ఇది కూడా చదవండి" అని ఎవరో వెనక నుంచి అందిస్తారు. తెరిచి చూస్తే, "ఇటీవలే శస్త్రచికిత్స జరిగినా మన కోసం వచ్చారు" అని ఉంటుంది. చదవకండి. మాస్టారు పక్కనే కూర్చుని ఉంటే చీటీ ఆయనకే చూపించండి. ఆయన తల అడ్డంగా ఊపినా, చూపించే వీలు లేకపోయినా మడిచి జేబులో పెట్టుకోండి. చీటీ ఇచ్చినాయన తర్వాత అడిగితే టైము సరిపోలేదనండి.

వచ్చే పాఠానికి ఒక పని. మీ ఊళ్లో ఈ మధ్య జరిగిన ఏదైనా సన్మాన ఆహ్వాన పత్రిక తీసుకోండి. అందులోని ప్రతి సంవత్సరం కింద గీత గీసి, పక్కనున్న సంస్థ, జిల్లా ఆ సంవత్సరానికి ఉన్నాయో లేవో రాసుకురండి. 5వ పాఠంలో ఈ కాగితాన్ని ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తులు పెట్టుకుని చదవడం నేర్చుకుందాం.