ఇంట్లో ఫిట్స్ ఉన్నవాళ్ళుంటే కొత్త గేమ్‌ని ముందే చెక్ చేయడం ఎలా?

మా అక్క కొడుక్కి పదమూడేళ్ళు, వాడికి ఫిట్స్ ఉన్నాయి, వాడికి గేమ్స్ అంటే ప్రాణం. అక్క మొదట్లో కంట్రోలర్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసేసింది, వాడేమో ఫ్రెండ్స్ ఇళ్ళకి పోయి ఆడటం మొదలుపెట్టాడు, అదింకా డేంజర్ కదా. అప్పట్నుంచి కొత్త గేమ్ ఏదొచ్చినా ముందు నేను చూసి ఓకే అంటేనే వాడి చేతికి వెళ్తుంది. ఆ చూసే పద్ధతే ఇక్కడ రాస్తున్నా.

ముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి. ఫిట్స్ ఉన్న ప్రతి వంద మందిలో దాదాపు ముగ్గురికే వెలుగు మినుకుల వల్ల ఫిట్స్ వస్తాయి, పిల్లల్లో, టీనేజ్‌లో కొంచెం ఎక్కువ. ఈఈజీ తీసేటప్పుడు కళ్ళ ముందు లైట్‌ని రకరకాల స్పీడ్‌లో వెలిగించి ఆర్పి చూస్తారు, తేడా ఉంటే అందులో తెలుస్తుంది. ఆ టెస్ట్ చేశారా, రిజల్ట్ ఏంటి అని అడిగితే చాలు. లేదని తేలితే ఈ తంటా అంతా అక్కర్లేదు, పిల్లాడికి నిద్ర సరిపోతుందా, టైమ్‌కి మందు వేసుకుంటున్నాడా అన్నది చూసుకోండి.

ఉందని తేలితే, గేమ్ మొదట్లో వచ్చే నల్ల స్క్రీన్ వార్నింగ్‌ని నమ్ముకోకండి. అది ప్రశాంతమైన గేమ్‌లో కూడా ఉంటుంది, దాన్ని బట్టి ఏ గేమ్ మంచిదో ఏది కాదో తెలీదు. మనమే వీడియో పెట్టుకుని లెక్కపెట్టుకోవాలి.

యూట్యూబ్‌లో ఆ గేమ్ పేరు కొట్టి ఎవరైనా మాట్లాడకుండా ఆడిన పూర్తి వీడియో తెరవండి, ట్రైలర్ పనికిరాదు, అందులో ఎడిటింగ్ కట్‌లే ఫ్లాష్‌లా ఉంటాయి. బాస్ ఫైట్లు, పేలుళ్ళు, పిడుగులు, లెవల్ అయిపోయాక బహుమతి పెట్టె తెరుచుకునే సీన్లు, ఈ నాలుగు వెతికి చూస్తే చాలావరకు దొరికిపోతాయి. ఇంకో మాట, ఫిట్స్ ఉన్నవాళ్ళు ఈ పనిలో కూర్చోకూడదు, పక్క గదిలోకి పంపేయండి.

అనుమానం వచ్చిన చోట స్పీడ్ 0.25కి తగ్గించండి. అది కూడా చాలకపోతే పాజ్ చేసి కీబోర్డ్‌లో `.` కొడితే ఒక్కో ఫ్రేమ్ ముందుకి, `,` కొడితే వెనక్కి వెళ్తుంది. నేను ఒక షూటింగ్ గేమ్‌లో గ్రెనేడ్ పేలే సీన్ ఇలాగే చూశా. స్క్రీన్ తెల్లగా వెలిగింది, చీకటైంది, మళ్ళీ తెల్లగా వెలిగింది, తెలుపు నుంచి తెలుపు వరకు లెక్కపెడితే ఆరు ఫ్రేమ్‌లు. వీడియో సెకనుకి 60 ఫ్రేమ్‌లది, కాబట్టి అరవైని ఆరుతో భాగిస్తే సెకనుకి పది ఫ్లాష్‌లు, పైగా అది ఐదారు సార్లు వరసగా జరిగింది. వెబ్ పేజీలకీ వీడియోలకీ వాడే రూల్ ఏంటంటే ఏ ఒక్క సెకనులోనూ మూడు ఫ్లాష్‌లకి మించకూడదు. అందుకే నేను గుర్తుపెట్టుకున్న చిట్కా: 60 ఫ్రేమ్‌ల వీడియోలో రెండు మెరుపుల మధ్య 20 ఫ్రేమ్‌ల కంటే తక్కువ ఉండి అవి వరసగా నాలుగు వస్తే ఆ గేమ్ వద్దు. 30 ఫ్రేమ్‌ల వీడియో అయితే 20 బదులు 10. ఒక్కసారి మెరిసి ఊరుకుంటే కంగారు లేదు.

ఎరుపు రంగు విషయంలో మాత్రం ఇంకా గట్టిగా ఉండండి, ముదురు ఎరుపు మెరుపులు తెల్లవాటికంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ఒక కార్టూన్ ఎపిసోడ్‌లో ఎరుపు నీలం రంగులు సెకనుకి దాదాపు పన్నెండు సార్లు మారేసరికి వందల మంది పిల్లల్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సొచ్చింది. ఫ్లాష్ ఒక్కటే కాదు, నలుపు తెలుపు చారలు స్క్రీన్ నిండా కదులుతున్నా కొందరికి పడదు.

వీడియోలో తేడా కనబడితే గేమ్ సెట్టింగ్స్‌లో ఆపే ఆప్షన్ ఉందేమో చూడండి. Minecraft జావా ఎడిషన్‌లో Options లోకి వెళ్ళి Accessibility Settings తెరిస్తే Hide Lightning Flashes అని ఉంటుంది, అది ఆన్ చేస్తే పిడుగు పడినప్పుడు ఆకాశం మెరవదు. కానీ పిడుగు గీత మాత్రం కనబడుతూనే ఉంటుంది, ఈ సంగతి తెలీక నేను మొదట సెట్టింగ్ పనిచేయట్లేదనుకుని పది నిమిషాలు కొట్టుకున్నా. ఇంకో కంప్యూటర్‌లో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అది మళ్ళీ ఆఫ్‌లో ఉంటుంది, గేమ్ ఫోల్డర్‌లో options.txt తెరిచి ఈ లైన్ ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది:

```
hideLightningFlashes:true
```

Celeste లో Photosensitive Mode అని ఉంది, Vampire Survivors లో Flashing VFX ని ఆఫ్ చేయొచ్చు. అయితే ఆప్షన్ ఉంది కదా అని సేఫ్ అనుకోకండి, ఆన్ చేశాక మీరే ఓ పావుగంట ఆడి చూడండి. Vampire Survivors లో ఆట చివరికొచ్చేసరికి స్క్రీన్ నిండా రంగులు సుడి తిరుగుతుంటాయి, అది ఆఫ్ చేసినా నాకు మనసొప్పక పక్కన పెట్టేశా, వాడు రెండ్రోజులు మాట్లాడలేదు. డార్క్ మోడ్, బ్లూ లైట్ ఫిల్టర్ లాంటివి మెరుపుల్ని ఆపవు, వాటిమీద ఆధారపడొద్దు.

ఇక కూర్చునే చోటు. మెరిసేది కంటికి ఎంత పెద్దగా కనబడుతుందన్నదాన్ని బట్టి కూడా రిస్క్ మారుతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు, 32 ఇంచుల టీవీకి మీటరు దూరంలో కూర్చుంటే స్క్రీన్ దాదాపు నాలుగు పిడికిళ్ళ వెడల్పు కనబడుతుంది, రెండున్నర మీటర్లకి జరిగితే ఒకటిన్నరే. మేము నేలమీద టేప్ అంటించేశాం, దానికి ముందుకి రాకూడదు. గదిలో లైట్ వెలగాలి, టీవీ బ్రైట్‌నెస్ తగ్గాలి, ముందురోజు రాత్రి సరిగ్గా నిద్రపోకపోతే ఆరోజు గేమ్ లేదు.

ఆడుతుండగా కనురెప్పలు టపటపా కొట్టుకున్నా, చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కుదిపినా వెంటనే ఒక అరచేత్తో ఒక కన్ను మూసేసి మొహం పక్కకి తిప్పుకోవాలని వాడికి నేర్పించాం. రెండు కళ్ళూ గట్టిగా మూసుకోవడం తప్పు, రెప్పల్లోంచి వెలుగు వెళ్తూనే ఉంటుంది, కళ్ళు మూసే క్షణంలో కొందరికి ఇంకా ఎక్కువవుతుంది. ఒక కన్ను కప్పితే మెదడుకి చేరే ఎఫెక్ట్ బాగా తగ్గుతుంది. అప్పటికీ ఫిట్ వచ్చేస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

గేమ్‌కి అప్‌డేట్ వస్తే మళ్ళీ ఒకసారి చూడాలి. పోయిన నెల వాడు కొత్త మ్యాప్ వచ్చిందని సంబరంగా ఫోన్ చేశాడు, మావయ్యా చెక్ చేశావా అని వాడే అడిగాడు, ఇంకా లేదురా అంటే సరే రేపు ఆడతాలే అన్నాడు.