పాత్ చాలా పొడవుందని ఆగిపోయిన కాపీ, నా అనుభవం

గాజువాకలో మా అన్నయ్య స్టూడియోలో ఫొటోల ఫోల్డరు హార్డ్ డిస్కుకి కాపీ చేస్తుంటే "Destination Path Too Long" అని ఆగిపోయేది. డిస్క్ మార్చాం, రీస్టార్ట్ చేశాం, లాభం లేదు.

పాత్ అంటే డ్రైవ్ నుంచి ఫోల్డర్లన్నీ కలిపి ఫైలు పేరు వరకు ఉండే పూర్తి చిరునామా. విండోస్‌లో దానికి మామూలు పరిమితి 260 క్యారెక్టర్లు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "విశాఖపట్నం" కంటికి అయిదు అక్షరాలే, లెక్కలో పది! ఊరు, పెళ్ళి, తేదీ అంటూ ఫోల్డర్లో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే దాటేయదూ?

ముందు డిస్కులో చిన్న పేరుతో D:\p ఫోల్డరు చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టాను:

```
robocopy "E:\పెళ్ళిళ్ళు" "D:\p" /E /R:1 /W:1
```

ఇది పొడవు పాత్‌లనూ కాపీ చేస్తుంది. /R:1 మర్చిపోకండి, లేదంటే ఒక్క ఫైలు మొండికేసినా పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. తర్వాత పై ఫోల్డర్ల పేర్లు కుదించాను, లేకపోతే కొన్ని ఫొటోలు తెరుచుకోవు.

మీ ఫైలు పేరులో ? గానీ : గానీ ఉంటే మాత్రం ఇది పనిచేయదు. అలాంటివి మ్యాక్‌లోంచో లినక్స్‌లోంచో వస్తాయి, అక్కడే పేరు మార్చుకుని తెచ్చుకోవాలి.