ప్రాంప్టర్ ఆగినా ప్రసంగం ఆగకుండా ముందే చేసుకోవాల్సిన పని

బెంగళూరులో ఉగాది సభలు మొదలయ్యే రోజులొచ్చాయి. స్టేజీ మీద ప్రాంప్టర్ తెర చూసి చదివేవాళ్లకీ, వాళ్లకి స్క్రిప్ట్ రాసిచ్చేవాళ్లకీ ఇది ఇప్పుడే చెప్పాలి. పోయినేడు ఒక హాల్లో మా సంఘం అధ్యక్షురాలు మాట్లాడుతుండగా ఎవరిదో కాలు తగిలి వైరు ఊడింది, తెర నల్లబడింది. ఆవిడ "ఈ సంవత్సరం మన పిల్లలందరికీ ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు" దాకా వచ్చి ఆగిపోయారు. ఆవిడకి విషయం తెలియక కాదు, ఆ స్క్రిప్ట్ రాసింది నేను, లోపం అందులోనే ఉంది.

తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, వాక్యం పొడుగైతే తెర పోయిన క్షణానికి ఏం జరిగిందో చెప్పే మాట ఇంకా తెర మీదకే రాలేదన్నమాట. అందుకే ప్రాంప్టర్ కోసం రాసే వాక్యం తెర మీద రెండు లైన్లు దాటకూడదని పెట్టుకున్నాను. అప్పుడు ఎక్కడ ఆగినా "జరిగాయి", "పెట్టాం" అని ఏదో ఒక క్రియతో ముగించుకోవచ్చు.

రెండో లోపం ఇంకా పెద్దది. పేరాలన్నీ "అలాగే", "అదేవిధంగా" అని మొదలయ్యాయి. ఆ మాటల్ని పట్టుకుని తర్వాతి పేరా గుర్తు తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు. జ్ఞాపకానికి ఒక కొక్కెం కావాలి, అది కంటికి కనిపించే వస్తువై ఉండాలి. "సేవాభావం", "ఐక్యత" లాంటివి పనికిరావు, టెన్షన్‌లో రెండూ ఒకటే అనిపిస్తాయి.

అదే ప్రసంగాన్ని ఈసారి ఎలా మార్చానో చూడండి. పన్నెండు నిమిషాలు, ఐదు భాగాలు: తెలుగు క్లాసులు, లైబ్రరీ, రక్తదానం, హాల్ ఫండ్, వాలంటీర్లకు కృతజ్ఞతలు. వీటికి వరసగా పలక, బీరువా, బిస్కెట్ ప్యాకెట్, ఇటుక, టీ ఫ్లాస్కు. వస్తువులు పెట్టినంత మాత్రాన వరస గుర్తుండదు, ఒకటి ఇంకొకదాన్ని లాక్కురావాలి, కాబట్టి ప్రతి భాగం చివరి వాక్యంలో తర్వాతి వస్తువు దొరికేలా రాశాను. పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లలే బీరువా తాళం అడిగారు, అక్కడ లైబ్రరీ మొదలు. ఆ బీరువాని పక్కకు జరిపి అదే గదిలో రక్తం ఇచ్చినవాళ్లకి బిస్కెట్లు పంచాం. కూర్చోడానికి చోటు లేక వాళ్లు మెట్ల మీదే తిన్నారు, అందుకే సొంత హాలుకి ఇటుక పేర్చాలనుకున్నాం. ఆ ఇటుకల డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగినవాళ్లకి దారిలో తోడు ఒక టీ ఫ్లాస్కు. ఇదంతా నిజంగా జరిగింది కాబట్టే నిలబడుతుంది, కల్పించి అతికిస్తే స్టేజీ మీద ఊడిపోతుంది.

మన పద్యాల్లో ప్రాస చేసే పని కూడా కొంత ఇదే, పాదం మర్చిపోయినా దాని రెండో అక్షరం ఏదో ముందే తెలుసు, అక్కణ్ణుంచి అందుకోవచ్చు.

బట్టీ పట్టాల్సింది ఒక భాగాన్ని తర్వాతిదానికి కలిపే ఆ నాలుగు అతుకు వాక్యాలూ, మొదటి వాక్యం, ముగింపు మాత్రమే. అంకెలు గుర్తుపెట్టుకోమని ఎవర్నీ ఇబ్బంది పెట్టకండి. అరచేతిలో పట్టేంత అట్టముక్క మీద లావు పెన్నుతో ఐదు మాటలు, వాటి పక్కన తప్పనిసరి అంకెలు రెండో మూడో రాసిస్తే చాలు.

రిహార్సల్‌లో ఇంట్లోవాళ్లెవరినైనా చెప్పకుండా లాప్‌టాప్ మూసేయమనండి, పేరా చివర కాదు, వాక్యం మధ్యలో. ఆ వాక్యాన్ని ఎలాగోలా ముగించి, ఒక గుక్క నీళ్లు తాగి, అతుకు వాక్యం అందుకోవాలి. మధ్యలో మిగిలిపోయిన విషయం పోతే పోనివ్వాలి, దానికోసం వెనక్కి వెతకడం మొదలుపెడితే ముందుది కూడా పోతుంది. ప్రతిసారీ ఒకే చోట "అంటే... అంటే..." అంటున్నారంటే ఆ అతుకు బలహీనంగా ఉందని అర్థం. అప్పుడు ఇంకో పదిసార్లు చదివించకండి, ఆ వాక్యాన్నే మార్చండి.

తెర నల్లబడటమే కాదు, తప్పు పాఠం కూడా రావచ్చు. 1993లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఆరోగ్య విధానం మీద కాంగ్రెస్‌లో మాట్లాడటానికి నిలబడితే ప్రాంప్టర్లో పాత ప్రసంగం వచ్చింది, సరిచేసేదాకా కొన్ని నిమిషాలు ఆయన అది లేకుండానే మాట్లాడారు. మన దగ్గర దీనికి తోడు ఫాంట్ గొడవ ఉంది. అను ఫాంట్‌లో టైప్ చేసిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది, యూనికోడ్‌లోకి మార్చి, హాల్లో ఉన్న అదే మెషీన్ మీద వత్తులతో సహా ఒకసారి చూసుకోండి.

ఇక్కడ బెంగళూరులో ప్రాంప్టర్ నడిపే ఆపరేటర్‌కి చాలాసార్లు తెలుగు చదవడం రాదు. కన్నడ వచ్చినవాళ్లు కొంత పోల్చుకుంటారు గానీ, కంగారులో సరైన పేరా వెతికి పట్టుకోవడం కష్టం. అందుకని ప్రతి భాగం మొదట విడి లైనులో పెద్ద అంకె వేసి పక్కన వస్తువు పేరు రాయండి, "3 బిస్కెట్" అని. తెర తిరిగొస్తే వదిలిన చోటికి వెళ్లొద్దని, తర్వాతి అంకె దగ్గర ఆపి ఉంచమని ఆపరేటర్‌తో ముందే మాట్లాడుకోండి. మాట్లాడేవాళ్లు అక్కడికి వచ్చాక మళ్లీ చూసి చదువుకుంటారు.