వినికిడి యంత్రాన్ని ‘టి’లో పెడితే హోరు: ఇంటి లూప్‌లో వచ్చే తేడాలు, వాటి విరుగుడు

వినికిడి యంత్రం పెట్టుకునేవారికి టీవీ మాట నేరుగా చెవిలో వినిపించాలంటే ఇంట్లోనే లూప్ వేసుకోవచ్చు. హాలు చుట్టూ నేల అంచున ఒక తీగ వేసి, దాని రెండు కొసలను లూప్ ఆంప్లిఫైయర్‌కు కలిపి, ఆంప్లిఫైయర్‌కు టీవీ శబ్దం ఇస్తే చాలు. తీగలో పారే విద్యుత్తు గదిలో అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. వినికిడి యంత్రంలో టెలీకాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటే అది ఆ క్షేత్రాన్ని మళ్లీ శబ్దంగా మారుస్తుంది. యంత్రాన్ని ‘టి’లో పెట్టడమంటే ఈ టెలీకాయిల్‌తో వినడమే. మధ్యలో ఫ్యాను చప్పుడు గానీ వంటింటి కుక్కర్ కూత గానీ చెవిలోకి రావు. సరిగ్గా కుదిరితే ఇంతకు మించిన సుఖం లేదు. కుదరనప్పుడు తప్పు యంత్రానిదో, లూప్‌దో, ఇంటి కరెంటుదో ముందు తేల్చుకోవాలి. ఆ పని వదిలేసి కొత్త ఆంప్లిఫైయర్ కొనేవాళ్లే ఎక్కువ.

‘టి’లో పెడితే ఏమీ వినిపించడం లేదు

లూప్ జోలికి పోకముందు యంత్రాన్ని ‘టి’లో ఉంచి, నడుస్తున్న ఫ్రిజ్ స్టెబిలైజర్ దగ్గరకు చెవిని తీసుకెళ్లండి. గుయ్యిమని మోత వస్తే టెలీకాయిల్ పనిచేస్తున్నట్టే. ఏమీ రాకపోతే రెండు కారణాలు ఉండవచ్చు. మీ మోడల్‌లో టెలీకాయిలే లేకపోవచ్చు. చెవి రంధ్రంలో ఇమిడిపోయే చిన్న యంత్రాల్లోనూ, ఛార్జింగ్‌తో నడిచే చాలా రకాల్లోనూ అది ఉండదు. లేదా ఉన్నా దాన్ని ఆన్ చేయకపోయి ఉండవచ్చు. ఆడియాలజిస్టు కంప్యూటర్‌కు కలిపి ‘టి’ ప్రోగ్రామ్ తెరిచి ఇవ్వాలి. కొనేటప్పుడే అడిగితే కొద్ది నిమిషాల పని. మన దగ్గర అడిగేవాళ్లు తక్కువ, తమంతట తాము చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

మోత వచ్చినా టీవీ మాట రాకపోతే తీగను చూడాలి. ఆంప్లిఫైయర్ నుంచి రెండు కొసలూ విప్పి మల్టీమీటర్ పెట్టండి. పన్నెండు బై పద్నాలుగు అడుగుల గదికి 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగ ఒక చుట్టు వేస్తే అర ఓమ్ కూడా చూపించకూడదు. మీటరు తెగినట్టు చూపితే ఎలుకో, గోడకు కొట్టిన మేకో కారణం. తీగ బాగుంటే టీవీ సెట్టింగుల్లో డిజిటల్ శబ్దాన్ని `PCM`కు మార్చండి. ఆప్టికల్ కేబుల్ పెట్టిన ఇళ్లలో ఈ ఒక్క మార్పుతో శబ్దం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒక జాగ్రత్త. ఇంట్లో ఉన్న మామూలు పాటల ఆంప్లిఫైయర్‌కు ఈ తీగను కలపకండి. దానికి కనీసం నాలుగు ఓమ్‌ల లోడు కావాలి. అర ఓమ్ అంటే దానికి షార్ట్ సర్క్యూట్‌తో సమానం.

మాట వస్తోంది, వెనకాల హోరు తగ్గడం లేదు

అసలు చిక్కు ఇక్కడే. ముందు లూప్ ఆంప్లిఫైయర్‌ను ఆపండి. హోరు ఆగిపోతే తప్పు దానికి వచ్చే కేబుళ్లలో ఉంది. టీవీ వెనక కేబుల్ కనెక్షన్ తీగను ఒకసారి ఊడదీసి చూడండి. అప్పుడు హోరు పోతే రెండు చోట్ల ఎర్త్ కలవడమే కారణం. టీవీకి, ఆంప్లిఫైయర్‌కు మధ్య ఆప్టికల్ కేబుల్ వేస్తే సరిపోతుంది, ఎందుకంటే దాని గుండా విద్యుత్తు పారదు.

ఆంప్లిఫైయర్ ఆపినా హోరు ఉంటే అది ఇంటిది. కుర్చీ పక్కన స్టెబిలైజర్, ఇన్వర్టర్, పాత చోక్ ట్యూబ్‌లైటు ఉన్నాయేమో చూడండి. రెండు మూడు అడుగులు జరిగితే హోరు బాగా తగ్గితే దోషి పక్కనే ఉన్నట్టు. జరిపేస్తే సరి. గదిలో ఎక్కడ నిలబడినా ఒకేలా ఉంటే మాత్రం వైరింగ్‌ను అనుమానించాలి.

విజయనగరం కంటోన్మెంట్ ప్రాంతంలో రిటైరైన మాస్టారి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. కింద ఆయన, పైవాటాలో అద్దెకున్నవాళ్లు, వాటాకో మీటరు. లూప్ పగలంతా బ్రహ్మాండంగా వినిపించేది. పొద్దున ఎనిమిదింటికీ, రాత్రి తొమ్మిదింటికీ మాత్రం వార్తలు వినబడనంత హోరు. మెయిన్ ఆపి చూశారు. ఇల్లంతా చీకటైనా చెవిలో హోరు తగ్గలేదు. దాంతో యంత్రమే పాడైందని నిర్ధారించుకున్నారు.

రెండు వేళలనూ పట్టుకుని పైకి వెళ్లి అడిగితే సంగతి బయటపడింది. అవి వాళ్లు బట్టలు ఇస్త్రీ చేసుకునే వేళలు. పెట్టె వేడెక్కుతున్నంతసేపూ హోరు, వేడెక్కి దానంతట అది ఆగగానే నిశ్శబ్దం. వెయ్యి వాట్ల పెట్టె నాలుగు ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. అయినా ఫేజ్, న్యూట్రల్ పక్కపక్కనే వెళ్తే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, లూప్‌కు తెలియను కూడా తెలియదు. ఇక్కడ రద్దు కాలేదంటే వెళ్లిన కరెంటు వచ్చిన దారినే తిరిగి రావడం లేదన్నమాట.

ఎలక్ట్రీషియన్ చేత పై మీటరు దగ్గర ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి, తీగ తెంపకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొక్కెంలో పెట్టించారు. సున్నా రావాల్సిన చోట రెండు ఆంపియర్ల దాకా చూపింది. వెతికితే మెట్ల లైటు స్విచ్చుబోర్డులో రెండు వాటాల న్యూట్రల్ తీగలను కలిపి ముడేసి ఉంది. పైవాటా కరెంటులో సగం మాస్టారి న్యూట్రల్ గుండా, హాలుకు అవతలి గోడ మీదుగా తిరిగి వెళ్తోంది. అంటే హాలు చుట్టూ ఇంకో లూప్ ఏర్పడింది, అందులో 50 హెర్ట్జ్ హోరు పారుతోంది. మాస్టారి మెయిన్ స్విచ్ ఫేజ్‌నే తెంపుతుంది, న్యూట్రల్‌ను కాదు. అందుకే ఆపినా ఫలితం లేదు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానం కాకపోతే సరఫరా ఆపే భద్రతా స్విచ్చు ఆర్‌సీసీబీ. పైవాటాలో అది అస్తమానం పడిపోతోందని ఎవరో దాన్ని తప్పించి నేరుగా కలిపేశారు కూడా. అది పడిపోయింది ఈ తప్పును చెప్పడానికే!

న్యూట్రల్‌లను విడదీసి, మెట్ల లైటును ఒకే మీటరుకు మార్చి, ఆర్‌సీసీబీని మళ్లీ పెట్టారు. క్లాంప్ సున్నా చూపింది, హోరు పోయింది. ఇలాంటి బోర్డులను మీరు విప్పకండి. మెయిన్ ఆపినా ఆ న్యూట్రల్‌లో పైవాటా కరెంటు ఉంటుంది.

కూర్చుంటే వినిపిస్తుంది, పడుకుంటే పోతుంది

ఇది లోపం కాదు. టెలీకాయిల్ నిలువుగా ఉన్నప్పుడే నేల మీది లూప్ క్షేత్రాన్ని బాగా అందుకుంటుంది. మంచం మీద వాలి టీవీ చూసేవారు మెడలో వేసుకునే నెక్ లూప్ తీసుకోవడం మేలు. దాన్ని హెడ్‌ఫోన్ రంధ్రానికి గుచ్చితే ఫోను మాటలకూ పనికొస్తుంది. గోడ పక్కన, సరిగ్గా తీగకు పైన నిలబడ్డా శబ్దం పడిపోతుంది, గది లోపలికి జరగండి. శబ్దం ఉన్నా అక్షరాలు మొద్దుబారితే శ్లాబులోని ఇనుప చువ్వలు పై స్థాయి ధ్వనులను మింగుతున్నాయని అర్థం. ఆంప్లిఫైయర్‌లో మెటల్ కరెక్షన్ మీట ఉంటే కొద్దికొద్దిగా పెంచి చూడండి.

రాత్రి యంత్రం తీశాక అలారం తెలియడం లేదు

అలారం గడియారానికి తగిలించి దిండు కింద పెట్టే వణుకు బిళ్లను దూది పరుపు అడుగున పెడితే ఆ కదలికంతా పరుపే మింగేస్తుంది. దిండుకు, దుప్పటికి మధ్య ఉంచండి. వేసవిలో డాబా మీద పడుకునే ఇళ్లలో దాని తీగ పొడవు చాలదు, బ్యాటరీతో నడిచే రకమో, చేతి గడియారమో వాడాలి. కరెంటు పోతే ఏమవుతుందో కొన్న రోజునే ప్లగ్గు పీకి పరీక్షించండి. కొన్ని గడియారాల్లో లోపలి బ్యాటరీ టైము మాత్రమే కాపాడుతుంది, బిళ్లను కదిలించలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రుల కోసం బిళ్ల కూడా బ్యాటరీ మీదే నడిచే మోడల్ ఎంచుకోండి. ఆ బ్యాటరీలను ఏటా తుపాన్ల కాలానికి ముందే, సెప్టెంబరులో మార్చండి.